పల్లవికి ముందు పలికేది

ఈసారి సంక్రాంతికి మా కాలనీ సంఘం వారు పాటల పోటీ ఒకటి పెట్టి, దాని ప్రశ్నలు కూర్చే పని నాకు అప్పగించారు. పాడే పోటీ కాదు. పాత సినిమా పాటల మొదట్లో వచ్చే వాద్యసంగీతాన్ని కొద్దిగా వినిపిస్తారు. అది ఏ పాటో చెప్పాలి. బడిలో ఏళ్ళ తరబడి ప్రశ్నపత్రాలు తయారు చేసినవాడికి ఇరవై పాటలు ఏరడం ఒక సాయంకాలపు పని అని వారు తలచారు. అది మూడు వారాల పని అయింది. ఆ మూడు వారాలలో నాకు తేటపడిన సంగతులు కొన్ని మిత్రులకు విన్నవించుకుందామని ఈ టపా.

ఇటువంటి పోటీలలో సాధారణంగా కాఠిన్యాన్ని సెకన్లతో కొలుస్తారు. మూడు సెకన్లు వినిపిస్తే కఠినం, అయిదయితే మధ్యమం, పదయితే సులభం. చూడడానికి న్యాయంగానే ఉంటుంది; కాని కాదు. నిమిషానికి నూట ఇరవై దెబ్బలు పడే చురుకైన పాటలో అయిదు సెకన్లకు పది దెబ్బలు వినిపిస్తాయి. నిమిషానికి అరవై దెబ్బల నెమ్మది పాటలో అదే అయిదు సెకన్లకు అయిదే. మొదటి జట్టుకు ఎనిమిది దెబ్బల ఆవృతం ఒకటి పూర్తిగా అంది, పైన ఇంకా కొంత మిగులుతుంది. రెండవ జట్టుకు వాక్యం సగంలోనే తెగిపోతుంది. గడియారం ఇద్దరికీ ఒకటే. విన్న సంగీతం మాత్రం ఒకటి కాదు. అందుచేత నేను సెకన్లను వదలి, ఆవృతాలతో కొలవడం మొదలుపెట్టాను. తొలి ముక్కలో ఒక ఆవృతం, మలి ముక్కలో రెండు, మూడవ ముక్కలో గొంతు అందుకునే ముందు వరకు ఉన్న సంగీతమంతా. తొడమీద తాళం వేసుకుంటూ వింటే ఎక్కడ కత్తిరించాలో చెవే చెబుతుంది.

తొలి ముక్క మొదలయ్యే చోటు ఆగే చోటుకంటె ముఖ్యం. పద్యం చెప్పుకునేవారికి ఇది సులభంగా బోధపడుతుంది. చంపకమాలలో మొదటి రెండు లఘువులను కలిపి ఒక గురువు చేస్తే, మిగిలిన పాదమంతా ఉత్పలమాలే. మత్తేభానికీ శార్దూలానికీ ఉన్న చుట్టరికమూ అటువంటిదే. అంటే పాదం మొదటి అక్షరం దగ్గర చెవి పెట్టనివాడికి రెండు వృత్తాలూ ఒకటిగానే వినిపిస్తాయి. పాట విషయంలోనూ అంతే. ఆ కాలపు పాటల వాద్యబృందాలలో వాయులీనాలు, వేణువు, తబలా మళ్ళీమళ్ళీ వినపడేవే. వాటి నడుమ ఈ పాట ఈ పాటే అని పట్టించేది తరచు మొదటి ఎత్తుగడే. కత్తిరించేటప్పుడు అరసెకను ముందు భాగం పోతే ఆ గుర్తు పోతుంది. అలాగని ముందున్న నిశ్శబ్దాన్నంతా ఉంచేస్తే, రికార్డు చిటపటలు విని పాట ఏ కాలానిదో ఊహించేవారుంటారు.

నేను వాడిన పనిముట్టు ఆడాసిటీ. పాట తెరవగానే ధ్వని అలలు గీతలుగా కనిపిస్తాయి. గాయకుడి గొంతు మొదలయ్యే చోటును కంటితో గాక చెవితోనే నిర్ణయించాలి. అసలు మాటకు ముందు ఒక ఊపిరి, ఒక చిన్న హమ్మింగు రావచ్చు. ఆ గొంతు విన్నవాడికి ఇక సంగీతంతో పని లేదు. అన్ని ముక్కల ధ్వనినీ ఒకే స్థాయికి తేవాలి. ఇంకొక చిన్న విషయం: ముక్కకు పాట పేరు పెట్టి దాచుకుంటే, వినిపించే రోజున ఆ పేరు తెరమీద కనబడుతుంది. అందుకని నావన్నీ `Q07_1.mp3`, `Q07_2.mp3` వంటి పేర్లే.

ఏ ప్రతి నుంచి కత్తిరించామన్నదీ చూసుకోవాలి. సినిమాలో పాటకు ముందు మాటలో, నీళ్ళ చప్పుడో ఉండవచ్చు. రికార్డులో అవి ఉండవు. కొన్నిటికి సినిమాలోని సంగీతం రికార్డులో కుదించి ఉంటుంది. పది అంగుళాల పాత రికార్డుకు ఒక్కొక్క వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే చోటు. రేడియోలో పాటలు విని పెరిగిన నా ఈడువారికి రికార్డు ప్రతే పాట. సినిమాను తెరమీదనే చూసిన పిల్లలకు సినిమా ప్రతే పాట. రెండూ విని, మొదటి ఆవృతం రెండింటిలోనూ ఒకటిగా ఉన్న పాటలనే తీసుకున్నాను.

ఇక ఆధారాల సంగతి. మంచి ఆధారానికి రెండు లక్షణాలుండాలి: నిర్వివాదంగా నిజం కావాలి, మిగిలిన పాటలలో కొన్నిటినైనా తొలగించాలి. ‘పాడినది ఘంటసాల’ అంటే నిజమే, కాని ఏ పాటా తొలగదు. ‘రాగం దర్బారీ కానడ’ అంటే తొలగుతాయి, కాని సంగీతం నేర్చినవారికే. ఒక పాట తీసుకుని చూపిస్తాను.

మాయాబజార్ (1957) లోని ‘లాహిరి లాహిరి’ పాట. ముందుగా తట్టే ఆధారం సంగీత దర్శకుడి పేరు. చిత్రంలో పడిన పేరు ఘంటసాలది. కాని ఆ చిత్రానికి మొదట పనిచేసినది సాలూరి రాజేశ్వరరావు. ఆయన కొన్ని వరుసలు కట్టి తప్పుకున్నాక ఘంటసాల ఆ బాధ్యత స్వీకరించారు. సాలూరి కట్టిన వరుసలలో ఈ పాట ఒకటి. కాబట్టి ఏ పేరు చెప్పినా సభలో ఎవరో ఒకరు లేచి అభ్యంతరం చెప్పగలరు, వారి మాటలోనూ నిజం ఉంటుంది. ఆ ఆధారం పనికిరాదు.

తొలి ముక్కకు ఆధారమేమీ ఇవ్వలేదు. రెండవ ముక్కతో ‘రచన పింగళి నాగేంద్రరావు’ అన్నాను. దానితో విన్నవారి మనసు పాతాళభైరవి, మిస్సమ్మ, జగదేకవీరుని కథ వంటి కొద్దిపాటి చిత్రాల చుట్టూ తిరుగుతుంది. మూడవ ముక్కతో ‘ఘంటసాల, లీల పాడిన యుగళగీతం, చిత్రం మాయాబజార్’ అన్నాను. పేరు చెప్పేశారే అనిపించవచ్చు. కాని ఆ చిత్రంలోనే ఆ ఇద్దరూ పాడిన యుగళగీతాలు ఇంకా ఉన్నాయి కనుక సంగీతం వినవలసిన అవసరం ఇంకా మిగిలే ఉంది. అప్పటికీ చెప్పలేకపోతే చివరి ఆధారం: ‘ఒకే వెన్నెల, ఒకే పడవ, ఒకరి తరువాత ఒకరుగా మూడు జంటలు.’ అక్కడికి వచ్చేసరికి సినిమా ఒక్కసారి చూసినవారికి కూడా పాట దొరకాలి. చివరి మెట్టుమీద కూడా ఎవరికీ అందని ప్రశ్నను కఠినమనరు, మూసిన తలుపంటారు.

రచయిత పేరును ముందుగా పెట్టడానికి ఇంకొక కారణం ఉంది. మాయాబజార్ తమిళంలోనూ తీశారు. వరుసలు అవే, మాటలు వేరు. మిస్సమ్మ (1955) లోని బృందావనం పాట వరుస తమిళంలోనూ, ఆపైన 1957 నాటి హిందీ చిత్రం మిస్ మేరీలోనూ వినిపిస్తుంది. మా కాలనీలో మద్రాసులో ఉద్యోగాలు చేసి వచ్చినవారు అయిదారుగురున్నారు. వారిలో ఒకరు తమిళ పాట పేరు చెబితే తప్పని ఎలా అనగలం? పోటీ తెలుగు పాటలకే పరిమితమని ముందే ప్రకటించాలి. పరభాషలోని జంట పాట చెప్పినవారికి తెలుగు పేరు చెప్పడానికి ఇంకొక అవకాశం ఇవ్వాలి.

ప్రశ్నలు కూర్చాక ఆరుగురిమీద పరీక్షించాను: అరవై దాటినవారు ఇద్దరు, నలభైలలో ఉన్నవారు ఇద్దరు, పాతికలోపు పిల్లలు ఇద్దరు. ఎవరు ఏ ముక్క దగ్గర చెప్పారో పట్టిక వేసుకుంటే పాటల గుణం బయటపడింది. అందరూ తొలి ముక్కకే చెప్పిన పాట వేడుక మొదలుపెట్టడానికి తప్ప పనికిరాదు. ముగ్గురు వేరువేరుగా ఒకే తప్పు జవాబు చెప్పిన పాట ఒకటి తగిలింది. అంటే దాని ఎత్తుగడ ఇంకొక పాటకు అంత దగ్గరగా ఉందన్నమాట. దానిని తీసివేశాను. అన్నిటికంటె ముఖ్యంగా, పాత పాట కఠినమనీ కొత్త పాట సులభమనీ ఒకే గీత గీయలేమని ఆ పట్టిక చూపింది. నాకు తొలి ముక్కకే అందినది మా మనుమడి ఈడువారికి చివరి ఆధారం దాకా అందలేదు. వారికి అందినవి నాకూ అంతే. కనుక ప్రతి జట్టులోనూ మూడు తరాలవారు ఉండాలని, ప్రతి ఆవర్తంలోనూ మూడు కాలాల పాటలు సమంగా రావాలని నియమం పెట్టాము.

మార్కులు తొలి ముక్కకు పది, రెండవదానికి ఆరు, మూడవదానికి మూడు, చివరి ఆధారానికి ఒకటి. తొలి ముక్కకు తప్పు చెబితే అయిదు కోత. ఈ లెక్కలో మూడింట ఒక వంతుకు మించిన నమ్మకం ఉన్నవాడికే గంట నొక్కడం లాభం. కోత లేకపోతే ఎవరి చేయి వేగమో తేలుతుంది, ఎవరి చెవి నిజమో తేలదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మాత్రం పరీక్షకు వచ్చిన ఒక పెద్దావిడ. డెబ్భై దాటినవారు. ఒక పాట తొలి ముక్క వినగానే ఆమె ముఖం విప్పారింది. చేతివేళ్ళు తాళం వేశాయి. “అయ్యో, ఇది మా పెళ్ళయిన ఏడు వచ్చిన సినిమా కదండీ, మాస్టారూ! ఆయన, నేనూ రెండుసార్లు చూశాం” అన్నారు. మాట మాత్రం నోటికి రాలేదు. పక్కనున్న పిల్లవాడు రెండవ ముక్కకు పేరు చెప్పేశాడు. ఇద్దరిలో పాట తెలిసినది ఎవరికి?

మన సినిమా పాటలకు విడిగా పేర్లు లేవు. పల్లవి మొదటి మాటలే పేరు. సాకీతో మొదలయ్యే పాటకు ఆ పేరూ సందిగ్ధమే. మరి పేరే కావాలని పట్టుబట్టడం దేనికి? అందుకని మూడు నియమాలు చేర్చాను. సాకీ చెప్పినా, పల్లవి చెప్పినా, చరణంలో ఏ పాదం చెప్పినా ఒప్పుకోవాలి. మాటలు రాకపోతే వరుసను కూనిరాగంగా తీసినా ఒప్పుకోవాలి. ముక్క ఆగిన తరువాత పదిహేను సెకన్లు ఎవరూ గంట నొక్కకూడదు. ఈ మూడవ నియమానికి కుర్రవాళ్ళు మొహాలు ముడిచారు. కాని వయసు మళ్ళినవారికి పాట మనసులోకి వచ్చేది వెంటనే, నాలుకమీదికి వచ్చేది తాపీగా. ఆ నడిమి వ్యవధిని పోటీ ఓర్చుకోకపోతే, ఈ పాటలు వచ్చిన నాడే విన్నవారు తమ పాటల ముందే పరాయివారవుతారు.

పల్లవికి ముందు వాద్యమే లేకుండా తిన్నగా గొంతుతో మొదలయ్యే పాటలను ఏం చెయ్యాలో మాత్రం ఇంకా తోచలేదు. వాటిలో నాకు ప్రాణమైనవి చాలా ఉన్నాయి. చరణాల నడుమ వచ్చే సంగీతాన్ని వినిపిద్దామంటే అది వేరొక ఆటే అవుతుంది, దానికి వేరే మెట్లు కట్టాలి. ఈ విషయంలో అనుభవం ఉన్న మిత్రులెవరైనా ఒక దారి చూపితే, ఉగాదికి ఆ పోటీ కూడా పెట్టించే పూచీ నాది.