గోడ నిలిచింది, గార రాలింది

కోలారు దగ్గర మా తాతలనాటి ఇంటికి పోయిన వేసవిలో కాంపౌండు గోడ కట్టించినాము. ఇటుక కట్టడానికి 1:6, అంటే ఒక బాండ్లి సిమెంటుకు ఆరు బాండ్లీల ఇసుక. బయటి గారకు 1:4. లెక్క సరిగానే ఉంది. అయినా వారానికే గార సన్నగా నెర్రెలిచ్చింది, తడితే డొల్లగా మోగింది.

"సిమెంటు తక్కువైందేమో మామా" అన్నాము మేస్త్రీతో. ఆయన ఒక మూల 1:3తో పూసి చూపించినాడు. అక్కడ నెర్రెలు ఇంకా ఎక్కువైనాయి.

సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికేదే మా పని. ఈసారి ఇసుకను పట్టినాము. గాజు సీసాలో ఇసుక, ఉప్పునీళ్లు పోసి, బాగా కుదిపి, మూడు గంటలు కదపకుండా పెట్టినాము. 10 సెంటీమీటర్ల ఇసుక మీద ఒకటిన్నర సెంటీమీటరు ఒండ్రు తేలింది. అంటే 15 శాతం. 8 దాటకూడదు. అది చెరువు మన్ను కడిగి తీసిన ఫిల్టర్ ఇసుక!

ఒండ్రు నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఇసుక రేణువుకు సిమెంటు అంటనియ్యదు. ఆరేటప్పుడు గార కుంచించుకుంటుంది. సిమెంటు పెంచితే ఇంకా కుంచించుకుంటుంది. ఇటుకల మధ్య సున్నానికి పైబరువు ఉంటుంది కాబట్టి బలం తగ్గినా ఆ తప్పు కంటికి కనపడదు. గారకు గోడను పట్టుకోవడమే ఆధారం.

అంతా చెక్కించి, గోడ తడిపి, కడిగిన పీ-శాండ్‌తో అదే 1:4 పూయించి, వారం నీళ్లు పట్టినాము. ఇప్పుడు తడితే గట్టిగా పలుకుతుంది. లోపలి వరసల్లో ఆ పాత ఇసుకే ఉంది, అందుకే గోడమీద బరువేమీ పెట్టనియ్యము.