పదిహేడో నంబర్ గీత ఎందుకు కిందపడింది?

మా ఆఫీసులో ఒక్క పోస్టుకి 42 మంది మిగిలారు. ఒక్కొక్కరికీ నాలుగు స్కోర్లు: కోడింగ్ టెస్ట్ 100కి, ఇంటర్వ్యూ 10కి, కమ్యూనికేషన్ 5కి, ఆపైన నోటీస్ పీరియడ్ రోజుల్లో. ఎక్సెల్ షీట్‌లో అన్ని అంకెలు చూస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. అందుకని హెచ్‌ఆర్ వాళ్లు పేరలల్ కోఆర్డినేట్స్ ప్లాట్ గీయించారు. నాలుగు స్కోర్లకి నాలుగు నిలువు గీతలు పక్కపక్కన నిలబెడతారు. ఒక్కో మనిషి స్కోరు ఒక్కో నిలువు గీత మీద ఎక్కడ పడుతుందో చుక్క పెట్టి, ఆ నాలుగు చుక్కల్నీ కలుపుతారు. అంటే ఒక మనిషి, ఒక గీత.

మొదటి బొమ్మ పైథాన్‌లో పాండాస్ వాడి వేశారు. అందులోని `parallel_coordinates` అన్ని స్కోర్లకీ ఒకే స్కేల్ వాడుతుంది. కోడింగ్ మార్కులు 90ల దాకా వెళ్తుంటే, 10కి వేసిన ఇంటర్వ్యూ, 5కి వేసిన కమ్యూనికేషన్ అడుగున అంటుకుపోయాయి. ఇంటర్వ్యూలో 9 వచ్చినవాళ్లకీ 4 వచ్చినవాళ్లకీ తేడా కంటికి ఆనలేదు. ఇది తప్పని చూడగానే తెలిసిపోతుంది కాబట్టి దీనివల్ల పెద్ద ప్రమాదం లేదు.

అసలు ప్రమాదం రెండో బొమ్మతో వచ్చింది. ఈసారి ప్లాట్లీ వాడారు. మనం ఏమీ చెప్పకపోతే అది ప్రతి స్కోరులో వచ్చిన కనిష్ఠాన్ని అడుగున, గరిష్ఠాన్ని పైన పెడుతుంది. బొమ్మ చక్కగా విచ్చుకుంది. అందులో పదిహేడో నంబర్ అమ్మాయి గీత కమ్యూనికేషన్ దగ్గర ధబాలున కిందపడింది. మీటింగ్‌లో ఒకాయన "కోడింగ్ ఓకే గానీ, మాట్లాడటం రాదన్నమాట" అనేశారు.

నేను షీట్ తెరిచి చూశాను. ఆమెకి కోడింగ్ 88, ఇంటర్వ్యూ 8, కమ్యూనికేషన్ 3.9, నోటీస్ 30 రోజులు. అయిదుకి 3.9 అంటే మాట్లాడటం రానట్టా? సంగతేంటంటే, 42 మందికీ కమ్యూనికేషన్ స్కోర్లు 3.8 నుంచి 4.4 మధ్యే ఉన్నాయి. ఆ 0.6 తేడాని నిలువు గీత మొత్తానికీ సాగదీస్తే 3.9 అడుగు నుంచి ఆరో వంతు ఎత్తులో పడుతుంది. పక్కన కోడింగ్‌లో అదే ఎత్తు 38 నుంచి 92 దాకా, అంటే 54 మార్కుల తేడాని చూపిస్తోంది. కంటికి మాత్రం రెండూ ఒకటే.

అందుకే స్కేల్‌ని మనమే చెప్పాలి. ప్లాట్లీలో ఆ నిలువు గీతకి ఇంత రాస్తే చాలు:

```python
range=[0, 5]
```

కోడింగ్‌కి 0 నుంచి 100, ఇంటర్వ్యూకి 0 నుంచి 10 పెట్టాం. నోటీస్ పీరియడ్‌లో తక్కువ రోజులే మేలు కాబట్టి ఆ గీతని తలకిందులు చేసి 0ని పైన, 90ని కింద ఉంచాం. ఇప్పుడు ఆమె చుక్కలు 88, 80, 78, 67 శాతం ఎత్తుల్లో పడ్డాయి. గుంత మాయమైంది.

అయితే పూర్తి స్కేల్ వల్ల నిజమైన తేడాలు కూడా నొక్కుకుపోవచ్చు. అందుకే ఇంకో పని చేశాం. కొన్ని ఇంటర్వ్యూ రికార్డింగులకి వేరే ఇద్దరితో విడివిడిగా మార్కులు వేయించాం. ఒకే మనిషికి ఇద్దరూ వేసిన మార్కుల్లోనే 0.4 దాకా తేడా వచ్చింది. అలాంటప్పుడు 3.9కీ 4.2కీ మధ్య తేడాని నమ్మి ఎవర్నీ తీసేయలేం.

ఇక వరుస సంగతి. రెండో బొమ్మలో ఆమె ఎత్తులు కోడింగ్ 93, ఇంటర్వ్యూ 80, కమ్యూనికేషన్ 17, నోటీస్ 67. కమ్యూనికేషన్‌ని చివరికి జరిపితే 93, 80, 67, 17. గీత మెట్లు దిగినట్టు జారుతుంది. దాన్నే రెండో స్థానంలో పెడితే 93, 17, 80, 67. అప్పుడు "ఈమె నిలకడ లేని మనిషి" అనిపిస్తుంది. మనిషి అదే, మార్కులూ అవే. గీత ఆకారాన్ని చూసి స్వభావాన్ని ఊహించకూడదని అక్కడే తేలిపోయింది.

వరుసతో ఇంకో చిక్కు ఉంది. రెండు స్కోర్ల మధ్య సంబంధం అవి పక్కపక్కన ఉంటేనే కనిపిస్తుంది. గీతలు దాదాపు సమాంతరంగా సాగితే రెండూ కలిసి పెరుగుతున్నట్టు, ఎక్స్‌లా దాటుకుంటుంటే ఒకటి పెరిగితే రెండోది తగ్గుతున్నట్టు. నాలుగు స్కోర్లకి ఆరు జతలుంటాయి, ఒక బొమ్మలో కనిపించేవి మూడే. మిగతా మూడింటికి వరుస మార్చి ఇంకో బొమ్మ చాలు: కమ్యూనికేషన్, కోడింగ్, నోటీస్, ఇంటర్వ్యూ. ప్లాట్లీలో నిలువు గీతల్ని వేలితో లాగి మార్చేయొచ్చు కూడా.

పదిహేడో నంబర్‌ని మళ్లీ పిలిచారు. ఫైనల్ రౌండ్ దాకా వచ్చింది. ఉద్యోగం మాత్రం కోడింగ్‌లో 92 తెచ్చుకున్న అబ్బాయికి వెళ్లింది. అతని కమ్యూనికేషన్ స్కోరు కూడా 3.9.