ఎవరు కలిపారే ఈ ఆవకాయ?

వేసవిలో పదకొండు దాటిందంటే మా ప్రహరీ గోడ మీద చెయ్యి ఆన్చలేం, చుర్రుమంటుంది. అందుకే మా గోడ కబుర్లన్నీ తొమ్మిదిలోపే అయిపోవాలి. మొన్న ఎనిమిదిన్నరకే పక్కింటి కోడలు పిల్ల తులసికోట పక్కనున్న ఇటుకలెక్కి, "పిన్నిగారూ, ఇదొక్కసారి చూసి పెట్టరూ" అంటూ ఫోను అందించింది.

వాళ్ల అత్తగారి ఆవకాయని ఈ ఏడు వాట్సాప్‌లో పెట్టి అమ్ముతున్నారు. ఫొటో బ్రహ్మాండంగా ఉంది, ఎర్రటి నూనె సీసా అంచుదాకా వచ్చి మెరుస్తోంది. అయినా చూసినవాళ్లు చూసి ఊరుకుంటున్నారట. నేను పాతికేళ్లు ఒక పత్రికలో ప్రకటనల బల్ల దగ్గర కూర్చున్నదాన్ని కదా, ఎక్కడ తేడా కొట్టిందో చెప్పమంది. ఫొటో కింద ఇలా రాసుంది:

"మా ఆవకాయ నాణ్యమైన మామిడికాయలతో సంప్రదాయ పద్ధతిలో తయారు చేయబడినది. ఇందులో స్వచ్ఛమైన నువ్వుల నూనె ఉపయోగించబడినది. ఎటువంటి ప్రిజర్వేటివ్‌లు కలుపబడలేదు. ఇది అద్భుతమైన రుచిని కలిగి ఉంటుంది. పరిశుభ్రతకు అత్యంత ప్రాధాన్యత ఇవ్వడం జరుగుతుంది."

"బాగానే ఉందిగా పిన్నిగారూ? తప్పులేమైనా ఉన్నాయా?"

"తప్పొక్కటీ లేదు తల్లీ. ఇంతకీ ఎవరు కలిపారే ఈ ఆవకాయ?"

"అత్తయ్యే కదండీ!"

"మరి ఇందులో మీ అత్తయ్య ఏదీ? 'తయారు చేయబడినది' అన్నావు. దానంతటది తయారై, జాడీలోకి నడిచొచ్చి కూర్చున్నట్టుంది."

పెరట్లో మినపప్పు చెరుగుతున్న వాళ్లత్తగారు అక్కణ్ణించే అందుకుంది. "నేనే కలిపాను! రెండు చేతులూ మూడు రోజులు మండాయి. ఎవరిచేతో చేయబడిందిట!"

చిన్నప్పుడు బళ్లో మనందరం చదువుకున్నదే, కర్తరి ప్రయోగం, కర్మణి ప్రయోగం. రాముడు రావణుణ్ణి చంపాడు అని ఇస్తే, రాముని చేత రావణుడు చంపబడ్డాడు అని మార్చి రాసేవాళ్లం, మార్కులు పడేవి. ఆ మార్కుల కోసం నేర్చిన వాక్యం పరీక్ష హాల్లోనే ఉండిపోతే బావుండేది. ఇంట్లో ఎవరమూ అలా మాట్లాడం. "అన్నం నా చేత వండబడింది, రండి" అని పిలిస్తే మా ఆయన జ్వరమేమోనని నుదురు పట్టుకు చూస్తారు. ఈ "బడు" మన నోట్లో అసలు లేదని కాదు. కనబడింది, వినబడింది, నిలబడింది అని రోజంతా అంటూనే ఉంటాం. అవి బతికున్న మాటలు. "ఉపయోగించబడినది" మాత్రం కాగితం మీదే పుట్టి కాగితం మీదే ఉంటుంది. దాని తమ్ముడు "ఇవ్వడం జరుగుతుంది" సభల్లోంచీ ఆఫీసు ఉత్తరాల్లోంచీ వచ్చి మన వంటింటి గడప తొక్కాడు.

"ఒక పని చెయ్యి. నువ్వు రాసినదాంట్లో ఆవకాయ తీసేసి చెప్పులు పెట్టు" అన్నాను.

ఆ పిల్ల చదివింది. "మా చెప్పులు నాణ్యమైన తోలుతో సంప్రదాయ పద్ధతిలో తయారు చేయబడినవి..." చదువుతూనే నవ్వేసింది.

చూశారా, వాక్యం ఎక్కడా తొణకలేదు. ఆవకాయకీ చెప్పులకీ ఒకే క్రియ అతికిందంటే, ఆ క్రియ దేన్నీ చూపించడం లేదన్నమాట. అది ఏమీ చెప్పదు కాబట్టే పక్కన "నాణ్యమైన", "స్వచ్ఛమైన", "అద్భుతమైన" అని విశేషణాలను నిలబెట్టాల్సి వచ్చింది. వాటిలో ఏదీ కొనేవాళ్లు ఫోనులో చూసి తేల్చుకోగలిగింది కాదు. పక్క అంగడివాడూ అవే మాటలు రాసుకుంటాడు.

"కలిగి ఉంటుంది" సంగతి మరీ అన్యాయం. ఆవకాయ రుచిని కలిగి ఉండటమేమిటి, అదేమన్నా ఆస్తా? ఆ మధ్య మా చెల్లెలి కూతురు గుడ్డ సంచులు కుట్టి అమ్ముతూ, "ఈ బ్యాగు విశాలమైన స్థలాన్ని కలిగి ఉంది" అని రాసింది. దాన్ని కొట్టేయించి, "మూడు చీరలూ ఒక టిఫిను డబ్బా పెట్టినా జిప్పు పడుతుంది" అని రాయించాను. ముందు తనచేత మూడు చీరలు పెట్టించి, జిప్పు లాగించి చూశాననుకోండి.

"అయితే ఏం రాయమంటారు?" అంది కోడలు పిల్ల.

"నన్నెందుకు అడుగుతావు? మీ అత్తగార్ని అడుగు. ఏం చేసిందో మొదట్నించీ చెప్పమను, నువ్వు రాసుకో."

ఆవిడ చేట పక్కన పెట్టి మొదలెట్టింది. పుల్లగా, కండ గట్టిగా, టెంక ముదిరిన కాయే కొంటుందట, లేతకాయ అయితే ముక్క నాలుగు నెలలకే మెత్తబడిపోతుందని. కడిగి, పొడిగుడ్డతో తుడిచి, తడి లేకుండా ఆరబెట్టి అప్పుడు కొట్టిస్తుంది. ప్రతి ముక్కకీ టెంక పట్టుకుని ఉండాలి. జీడి తీసేసి, దాని కింది పల్చటి పొర కూడా గీకి, మళ్లీ తుడుస్తుంది. ఆవాలు ఎండబెట్టి పిండి పడుతుంది. కారం, ఆవపిండి, ఉప్పు కలిపి, ముక్కల్ని నూనెలో ముంచి, ఆ పిండిలో పొర్లించి జాడీలో వేస్తుంది. ఊట ఊరాక మూడోనాడు తిరగకలిపి, ఉప్పు చూసి, ముక్క మునిగేదాకా మళ్లీ నూనె పోస్తుంది.

ఆవిడ నోట్లో ఒక్క "బడినది" లేదు. తుడిచాను, కొట్టించాను, గీకాను, పొర్లించాను. ఈ మాటలన్నీ వంటింట్లో ఉన్నవే. కోడలు ఫోను చేతిలోకి తీసుకోగానే అవి పారిపోయి, బళ్లో భాష వచ్చి కూర్చుంది, అంతే.

ఆ పిల్ల ఉత్సాహంగా ఆవిడ చెప్పినదంతా ఎక్కించింది. ఇరవై క్రియలు. ఇప్పుడు అది వంటల పుస్తకమైంది. కొనేవాళ్లకి ఆవకాయ పెట్టడం నేర్పక్కర్లేదు కదా. "వీటిల్లో ఏవి ఉంచాలి?" అంది. సీసా తెప్పించుకునేవాళ్ల భయమేమిటో చూడమన్నాను. ముక్క మెత్తబడుతుందేమో, బూజు పడుతుందేమో, ఉప్పు కషాయమవుతుందేమో. ఈ మూడు భయాలకీ జవాబు చెప్పే పనులు ఉంచితే చాలు. టెంకతో కొట్టించడం మొదటిదానికి. తడి లేకుండా తుడవడం, ముక్క మునిగేలా నూనె పోయడం రెండోదానికి. తిరగకలిపి ఉప్పు చూడటం మూడోదానికి. తక్కినవి మీ అత్తగారి దగ్గరే ఉండనీ అన్నాను.

అక్కడొక చిక్కొచ్చింది. ఈ పిల్ల "రోట్లో దంచిన ఆవపిండి" అని రాసేసింది, వినడానికి బావుంటుందని.

"రోలెక్కడిదే? మిక్సీలో పట్టాను" అంది అత్తగారు.

"'సంప్రదాయ పద్ధతి' అంటే ఆ గొడవ ఉండేది కాదుగా పిన్నిగారూ" అని గొణిగింది కోడలు. నిజమే, ఆ మాటకి అదే సుఖం. దాని వెనక రోలూ దాక్కోవచ్చు, మిక్సీ కూడా దాక్కోవచ్చు. గట్టి క్రియ వేస్తే దాక్కోవడం కుదరదు. దంచితేనే దంచాం అనాలి. మిక్సీ వేయడం నేరమేం కాదు గానీ, దాన్ని చాటుకోనూ అక్కర్లేదు. ఆవాలు ఎండబెట్టిన మాట నిజం కాబట్టి "ఎండబెట్టిన ఆవాల పిండి" అని ఊరుకున్నాం.

మన తెలుగులో ఇదొక వెసులుబాటు. ప్రతిచోటా "మేం, మేం" అని గుండె చరుచుకోనక్కర్లేదు. "కొట్టించిన ముక్క", "ఎండబెట్టిన ఆవాలు" అంటే చేసినవాళ్ల పేరెత్తకుండానే చేసిన పని కళ్లకి కడుతుంది, "బడు" అవసరమే రాదు. అలాగని "బడును"ని ఊళ్లోంచి తరిమెయ్యమనీ అనను. "ఇచ్చట సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును" అన్న బోర్డుతో నాకేం పేచీ లేదు. అక్కడ ఎవరిస్తున్నారన్నది కాదు, దొరుకుతుందా లేదా అన్నదే కావాలి. సీసా మీద చీటీలో నికర బరువు, తయారీ తేదీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, శాకాహారం గుర్తుగా ఆకుపచ్చ చుక్క, ఇవన్నీ చట్టం అడిగినట్టే ఉండాలి. అక్కడ మన కవిత్వం పనికిరాదు.

ఫొటో కింది ఆ రాతకి చివర "పగిలిన సీసాలకు నగదు వాపసు ఇవ్వబడును" అని కూడా ఉంది. ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు అని అడిగితే కోడలు అత్తగారి వైపు చూసింది, అత్తగారు కోడలి వైపు చూసింది. ఆ వాక్యం రాసినప్పుడు వాళ్లిద్దరూ ఆ సంగతి అనుకోనేలేదు! గోడ దగ్గరే తేల్చుకున్నారు. డబ్బు కాదు, ఇంకో సీసా పంపుతారు.

ఎండ గోడెక్కే వేళకి ఇలా తయారైంది:

"ఆవకాయ, అరకిలో సీసా. టెంక ముదిరిన పుల్లకాయని పొడిగుడ్డతో తుడిచి, టెంకతోనే ముక్కలు కొట్టిస్తాం. పోయినేటి జాడీలో ముక్క మా ఇంట్లో ఇంకా పంటికి తగులుతోంది. ఎండబెట్టిన ఆవాల పిండి, కారం, కల్లుప్పు, పప్పునూనె, ఇంకేమీ వేయం. మూడోనాడు మా అత్తయ్య తిరగకలిపి, ఉప్పు చూసి, ముక్క మునిగేదాకా నూనె పోశాకే సీసాకెత్తుతాం. తడి గరిటె పెట్టకండి, బూజు పడుతుంది. సీసా పగిలి వస్తే ఫొటో పంపండి, ఇంకోటి పంపిస్తాం."

"పప్పునూనె అంటే హైదరాబాదు వాళ్లు పల్లీనూనె అనుకోరూ?" అంది కోడలు. మంచి అనుమానమే. దాన్ని కొట్టేసి నువ్వుల నూనె అని మార్చాం, అత్తగారు మూతి తిప్పుకున్నా సరే.

పిల్ల మొత్తం పైకి చదివి వినిపించింది. అత్తగారు చేట ఎత్తబోయిందల్లా ఆగింది.

"మూడోనాడు కాదే. మొన్న వాన పట్టి ఊట సరిగా రాలేదు, నాలుగోనాడు కలిపాను. మార్చు."

"అబ్బా, ఒక్క రోజుకేముందత్తయ్యా!"

"నా పేరు పెట్టాక ఒక్క రోజైనా రోజే."

కోడలు ఇటుకల మీదే నిలబడి, ఎండకి కళ్లు చికిలించుకుంటూ మూడు కొట్టేసి నాలుగు వేసింది.