నెలకొక కాగితం

మా కళాశాలలో అధ్యాపకులు, కార్యాలయ సిబ్బంది, అటెండర్లు అందరూ కలిసి నలభై మందికి పైగా ఉన్నారు. ప్రతి నెల మొదటి తేదీన వీరందరి చేతికీ ఒక కాగితం అందుతుంది. తెలుగువైపు దాని పేరు వార్తాలేఖ, ఉర్దూవైపు ఖబర్‌నామా. దానిని కూర్చే పని తెలుగు శాఖనుండి ఒకరము, ఉర్దూ శాఖనుండి ఒకరము కలిసి చేస్తున్నాము. ఇటువంటి కాగితాన్ని అచ్చువేయడం కష్టం కాదు. చదివించడమే కష్టం. ఆ చదివించడాన్ని గురించి మాకు తెలిసివచ్చిన నాలుగు మాటలు ఇక్కడ విన్నవిస్తున్నాము.

మాకు పూర్వం కూడ ఒక వార్తాలేఖ వెలువడేది. నాలుగు పుటలు, మొదటి పుటలో సందేశం, పిదప ఉత్సవాల వర్ణన. అందులో ఒకసారి వచ్చిన ప్రకటన ఇది: “ప్రతి సంవత్సరము వలెనే ఈ సంవత్సరము కూడ అంతర్గత పరీక్షల మూల్యాంకనము క్రమబద్ధముగా జరుగవలసియున్నందున, అధ్యాపకులందరును నియమావళిని దృష్టియందుంచుకొని, నిర్ణీత గడువులోగా మార్కుల జాబితాలను సమర్పించి సహకరింపవలసినదిగా కోరడమైనది.” భాషలో దోషం లేదు, మర్యాదకు లోటు లేదు. కాని ఆ నిర్ణీత గడువు ఏ తేదీయో అందులో లేదు. జాబితాలు ఎవరికి ఇవ్వాలో, ఎన్ని ప్రతులు కావాలో కూడ లేదు. కొందరు ఆలస్యంగా ఇచ్చారు. ఆ సబ్జెక్టుల విద్యార్థులు తమ మార్కుల కోసం కార్యాలయం కిటికీవద్ద రోజుల తరబడి నిలబడవలసి వచ్చింది.

అదే విషయాన్ని 2025 సెప్టెంబరు కాగితంలో ఇలా వ్రాశాము: “అంతర్గత పరీక్షల మార్కుల జాబితాలు సెప్టెంబరు 12, శుక్రవారం సాయంత్రం 4 గంటలలోగా పరీక్షల విభాగంలో ఇవ్వాలి. సబ్జెక్టుకు రెండు ప్రతులు. రెండింటిపైన శాఖాధిపతి సంతకం ఉండాలి.” మూడే వాక్యాలు. మొదటి వాక్యంతోనే ఏమి, ఎప్పటికి, ఎక్కడ అనే మూడూ తేలిపోయాయి. తక్కిన రెండూ లేకపోతే చదివినవారు మళ్ళీ వచ్చి అడుగుతారు. తేదీ ప్రక్కన వారం వేయడం అలంకారం కోసం కాదు. తేదీ తప్పుగా పడితే వారంతో పొసగదు, ప్రూఫు చూసేటప్పుడే దొరికిపోతుంది.

విభాగాలు నాలుగు. మొదటిది ‘చేయవలసినవి’, రెండవది ‘జరిగినవి’, మూడవది ‘మనవారు’, నాలుగవది ‘అడిగిన ప్రశ్న’. ఏ నెలలోను వీటి వరుస మారదు, చోటు మారదు. పాఠకుడు కాగితం విప్పగానే తనకు కావలసిన మూలకు కన్ను దానంతటదే పోవాలి. ‘చేయవలసినవి’లోని అంశాలను పంపినవారి హోదానుబట్టి గాక గడువునుబట్టి పేరుస్తాము. ముందు గడువుది ముందు. ప్రిన్సిపాలుగారి సందేశం రెండు వాక్యాలకు కుదించి అడుగున వేస్తాము. దీనికి వారు సంతోషంగానే అంగీకరించారు. ఏదైనా విభాగానికి ఆ నెల సంగతులు లేకపోతే శీర్షికతో సహా వదిలివేస్తాము. ఖాళీ నింపడానికి వేసిన సూక్తిని చూసిన పాఠకుడు, మిగిలినవి కూడ నింపుడే కాబోలునని అనుకుంటాడు.

అంశాలు పదికి మించవు. ఈ హద్దును మాకు నిర్ణయించి ఇచ్చినది ఉర్దూ లిపి. నస్తాలీఖ్‌లో పదాలు పైనుండి క్రిందికి ఏటవాలుగా దిగుతాయి, అందువల్ల పంక్తుల నడుమ ఎడం ఎక్కువ కావాలి. తెలుగులో వత్తులకు కొంత ఎడం అవసరమే అయినా అంత అక్కరలేదు. తెలుగువైపు పన్నెండు అంశాలు ఇమిడినా, ఉర్దూవైపు అక్షరం చిన్నది చేయకుండా పదే పడతాయి. రెండువైపులా అవే అంశాలు ఉండాలి గనుక పదితో ఆపుతాము. ఒక భాషవారికి సంగతి ఎక్కువ, మరొక భాషవారికి తక్కువ అందడం మాకు సమ్మతం కాదు.

రెండు లిపుల వల్ల మరొక జాగ్రత్త కూడ అవసరమైంది. తేదీని 12/9 అని అంకెలతో వేస్తే, కుడినుండి ఎడమకు చదివే పుటలో అది డిసెంబరు 9గా కనిపించవచ్చు. అందుకే రెండువైపులా నెల పేరు అక్షరాలలోనే వ్రాస్తాము.

‘మనవారు’ విభాగంలో పేర్లుంటాయి. కాగితం అందిన వెంటనే ఎక్కువమంది మొదట చూసేది దానినే. అందువల్ల పేరు తప్పు పడకూడదు. ఉర్దూ పేర్లు తెలుగులోకి వచ్చేటప్పుడు ‘ఖ’ ‘క’ అవుతుంది, ‘ఫ’ ‘ప’ అవుతుంది. గఫూర్‌గారు గపూర్ అయితే ఆయన ఇంట్లో ఆ కాగితాన్ని ఎవరికీ చూపించరు. పేరుగల వ్యక్తినే అడిగి, ఆయన సంతకం చేసే తీరులో వేస్తాము. డాక్టరేటు పొందినవారితోపాటు, ప్రయోగశాలలో పాడైన బర్నర్లను బాగుచేసిన సహాయకుని పేరు కూడ అదే అక్షర ప్రమాణంలో, అంతే నిడివిలో వేస్తాము.

ఇక అంశాల సేకరణ. “వార్తలుంటే పంపగలరు” అని నోటీసు పెడితే ఎవ్వరూ పంపరు. తమ దగ్గర వార్త ఉన్నదని వారికి తోచదు. అందుకని ఇరవైయవ తేదీ దాటగానే పుస్తకం చేతపట్టుకొని శాఖశాఖకు వెళతాము. మూడు ప్రశ్నలు అడుగుతాము: ఈ నెల మీ దగ్గరకు కొత్తగా ఏమి వచ్చింది? ఏమి ఆగిపోయింది? వచ్చే నెల మీకు ఎవరితో పని పడుతుంది? మూడవ ప్రశ్నకు వచ్చే జవాబే సాధారణంగా ‘చేయవలసినవి’లో చేరుతుంది. ఇరవై అయిదుతో సేకరణ ముగిస్తాము. తెలుగు పాఠం అయినాక ఉర్దూ పాఠం సిద్ధమవుతుంది, ఇరవై ఎనిమిదిన రెండింటినీ ఒకరు చదువుతుంటే మరొకరు సరిచూస్తాము.

నెలకొకసారి వచ్చే కాగితానికి చేతకాని పనులు కూడ ఉన్నాయి. మొదటి వారంలోనే గడువు ముగిసే విషయాన్ని దానికి అప్పగించకూడదు, అది నోటీసు బోర్డుకు, వాట్సాప్ గ్రూపుకు చేరవలసినది. అలాగని వాట్సాప్ ఒక్కటే చాలదు. గ్రూపులో లేని తాత్కాలిక అధ్యాపకులు, అటెండర్లు మా దగ్గర ఉన్నారు. పైగా అక్కడి నీలిగీతలు సందేశం తెరచినట్లు చెబుతాయిగాని చదివినట్లు చెప్పవు.

మరి చదివారని తెలిసేదెట్లా? మేము కార్యాలయం గుమాస్తాగారినే అడుగుతాము. కాగితం పంచిన వారం రోజులలో, అందులో ఉన్న విషయాన్నే ఎందరు వచ్చి అడిగారో ఆయన గీతలు గీసి ఉంచుతారు. ఒకరిద్దరు అడగడం సహజం. ఒకే ప్రశ్న అయిదారుగురు అడిగితే లోపం వాక్యంలో ఉన్నట్లు లెక్క. ఆ ప్రశ్ననే మరుసటి నెల ‘అడిగిన ప్రశ్న’ విభాగంలో జవాబుతో వేస్తాము. సెప్టెంబరు మార్కుల జాబితాలకు ఆయన చీటీలో ఒకే గీత ఉంది. కొత్తగా చేరిన అధ్యాపకుడొకరు పరీక్షల విభాగం ఏ అంతస్తులో ఉన్నదని అడిగారట. అక్టోబరు కాగితంనుండి విభాగం పేరు ప్రక్కన గది సంఖ్య కూడ వేస్తున్నాము.