పేరు గడి

మా తాత పేరు పోశయ్య. నా పేరూ పోశయ్యే. తాత పేరు మనుమనికి పెట్టుడు మా వాడల రివాజు. నేను పుట్టింది 1995ల. అప్పటికే మా ఈడు పోరగాండ్లకు రాజేశులు, సురేశులు మొదలైనయి. మా నాయిన మాత్రం పట్టుబట్టి తాత పేరే పెట్టిండు. ఎందుకు పట్టుబట్టిండో నాకు శానా ఏండ్ల దాకా ఎరుక లేదు.

మా దిక్కు పోశమ్మ అనేటోళ్లున్నరు, పోచమ్మ అనేటోళ్లున్నరు. దేవత ఒక్కతే. ఆమె పేరు పెట్టుకున్నోడు పోశయ్య అన్నా, పోచయ్య అన్నా పలుకుతడు. ఇంగ్లీషు అక్షరాలల్లకు వస్తే మాత్రం POSHAIAH ఒకడు, POCHAIAH ఇంకొకడు. రెంటి నడుమ తేడా ఒక్క అక్షరం. ఆ అక్షరం కాడ నా ఉద్యోగం నెలల కొద్ది ఆగింది.

నాచుపల్లి కాడ, కొండగట్టు పక్కన, 2007ల పెట్టిన జేఎన్టీయూ కాలేజీల నేను ఎలక్ట్రికల్ చదివిన. 2017ల బయటికొచ్చిన. 2018 ఫిబ్రవరిల ఒక ప్రభుత్వరంగ కంపెనీ నుంచి ఎస్సీ కోటాల ఇంజనీరుగ ఆఫర్ కాయితం వచ్చింది. సర్టిఫికెట్లు సరిచూసినంకనే ఉద్యోగం ఖాయమని అండ్లనే రాసి ఉంది. పిలిచిన నాడు అన్ని కాయితాలు సంచిల పెట్టుకొని పోయిన. టేబులు అవుతల కూసున్న సారు టెన్త్ మెమో, ఇంటర్ మెమో, బీటెక్ మెమోలు ఒక్కొక్కటే తిప్పిండు. కుల సర్టిఫికెట్ కాడ ఆగిండు. మెమో పక్కకు దాన్ని పెట్టి రెండు పేర్ల మీద పెన్ను ఆనిచ్చిండు.

"ఈ పోచయ్య ఎవరు?"

"నేనే సార్."

"మరి ఈ పోశయ్య?"

"గది గూడ నేనే సార్."

ఆయన నవ్వలేదు, కోపం చేయలేదు. "వేరేవాళ్ల సర్టిఫికెట్ కాదని నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. ముప్పై రోజులల్ల సరిచేసుకొని రమ్మని, నా పేరు ఎదురుగ ఎర్ర సిరాతోని 'పెండింగ్' అని రాసిండు.

బయటికొచ్చి చెట్టు కింద కూసున్నంక యాదికొచ్చింది. ఆ సర్టిఫికెట్ 2004 నాటిది. అప్పుడు నేను నాలుగు చదువుతున్న. మాది కోరుట్ల దిక్కు ఊరు. కరువుకు నాయిన మమ్ముల తీసుకొని సిరిసిల్ల పోయిండు. సాంచెల మీద బట్ట నేసే పని మాకు రాదు. నాయిన నూలు బేళ్లు మోసేటోడు. నన్ను హాస్టల్ల ఏద్దామంటే కుల సర్టిఫికెట్ కావాలన్నరు. ఆ దిక్కు ఒక మండలాఫీసుల నాయిన నోటితోని చెప్పిండు, గుమస్తా తనకు తోచినట్టు రాసిండు. నాయినకు సదువు రాదు. ఏం రాసిండో సూసుకునే కండ్లు మా ఇంట్ల ఎవ్వలకు లేవు.

అటెన్క 2006ల ఊరికి మర్లి వచ్చినం. టెన్త్ పరీక్షకు పేర్లు పంపేటప్పుడు మా హెడ్మాస్టర్ సారు ఒక్కొక్కన్ని పిలిచి, "నీ పేరు నువ్వే ఇంగ్లీషుల రాయి, ఇదే జీవితాంతం ఉంటది" అన్నడు. నేను POSHAIAH అని రాసిన. నా పేరు నా చేతితోని రాసుకున్న కాయితం అదొక్కటే. ఇంటర్, బీటెక్, ఆధార్ అన్నీ దాని ఎంబడే నడిచినయి.

మరి నడుమ పద్నాలుగేండ్లు ఈ తేడా ఎందుకు బయటపడలేదు? హాస్టల్ల చూసిండ్రు, స్కాలర్‌షిప్ కాడ చూసిండ్రు, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ కాడ చూసిండ్రు. అందరూ చూసింది కులం గడి. అండ్ల ఎస్సీ మాదిగ అని ఉన్నదా, ఉన్నది. అవతలికి జరుగు. పేరు గడి చదివినోడు ఒక్కడు లేడు. ఉద్యోగం ఇయ్యవలసిన నాడే అందరికంటే ముందుగ పేరు గడి కనబడ్డది.

మొదలు అందరు చెప్పినట్టే చేసిన. స్టాంపు కాగితం మీద "ఇద్దరు ఒక్కరే" అని అఫిడవిట్ రాయించి, నోటరీ ముద్ర ఏయించి పంపిన. వారం రోజులకు వాపసొచ్చింది. అఫిడవిట్ నేను నా గురించి చెప్పుకున్న మాట. వాళ్లకు కావలసింది సర్టిఫికెట్ ఇచ్చినోళ్ల మాట. కులం సర్టిఫికెట్లకు 1993ల ఒక చట్టం వచ్చింది, 16వ నంబరుది. ఫలానా కులమోన్నని రుజువు చేసుకునే బరువు అడిగినోని మీదనే ఉంటదని ఆ చట్టం చెప్పుతది. దొంగ సర్టిఫికెట్లతోని మా ఉద్యోగాలు మింగినోళ్లను ఆపనీకి వచ్చిన చట్టం. అది ఉండాలె. కానీ ఆ నాడు దొంగ తీర్గ నిలబడ్డది నేను.

సిరిసిల్ల దిక్కు ఆఫీసుకు పోయిన. "నువ్వు స్థానికునివి కాదు, మేం కొత్తది ఇయ్యరాదు, మీ ఊరికే పో" అన్నరు. మా మండలాఫీసుకు వచ్చిన. "మేమిచ్చింది కాదు, తప్పు రాసినోళ్లనే దిద్దుమను" అన్నరు. 2016 అక్టోబర్ దాకా రెండూ కరీంనగర్ జిల్లనే. ఆ దసరాకు జగిత్యాల ఒక జిల్లా, రాజన్న సిరిసిల్ల ఒక జిల్లా అయినయి. పైన అడిగేటందుకు ఇదివరకు ఒక్క కలెక్టరుండె, ఇప్పుడు ఇద్దరు. నడుమ నేను బస్సుల తిరుగుడు.

ఆఫీసు ముంగట టేబులేసుకొని కూసునే ఒకాయన నన్ను రోజూ చూస్తున్నడు. పిలిచి చాయ్ ఇప్పిచ్చిండు. "తమ్మీ, గెజిట్‌ల పేరు మార్చుకో. ఎట్లాగూ ఖర్చు పెడుతున్నవు, మళ్ల గీ పాత పేరెందుకు? ఇంజనీరువు. ప్రవీణో, కిరణో పెట్టుకో" అన్నడు. ఫారం గూడ చేతిల పెట్టిండు.

అబద్ధమెందుకు, నాకు ఆశ పుట్టింది. కాలేజీల నన్ను "పోశమ్మ కొడుకా" అని పిలిచి నవ్విన రోజులు మర్చిపోలేదు. హాజరు పిలిచేటప్పుడు తల దించుకొని చెయ్యి లేపేటోన్ని. ఆ ఫారం మడిచి జేబుల పెట్టుకొని ఇంటికి పోయిన. నాయినకు చెప్పిన.

నాయిన శానా సేపు మాట్లాడలేదు. చుట్ట ముట్టిచ్చుకొని అప్పుడు చెప్పిండు.

తాత పదేండ్లప్పటి నుంచి దొర దగ్గర జీతముండె. దొర లెక్కల పుస్తకంల ఆయన పేరు 'మాదిగ పోశిగాడు'. గడి ముంగటి నుంచి "ఓరి పోశిగా" అని కేకేస్తే ఉరికిపోవాలె. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలల రైతు కూలీల జైత్రయాత్ర జరిగింది. తాత మా ఊరోళ్లతోని నడిచి పోయిండు. మర్లొచ్చిన మూడో రోజు గడి కాడినుంచి కేక వినబడ్డది. తాత కదలలేదు. మళ్ల కేకేసిండ్రు, కదలలేదు. "పోశయ్యా, జర రా" అన్నంకనే లేసిండట. ఆ అక్టోబర్ 20న సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. పోలీసులు తాతను పట్టుకపోయిండ్రు. పేరేందిరా అంటే పోశయ్య అన్నడు. 'అయ్య' ఏందిరా నీకు అని అండ్లకే ఇంకో నాలుగు దెబ్బలు పడ్డయట.

"ఆ అయ్య కోసం దెబ్బలు తిన్నడు కొడుకా. నువ్వు ఉద్యోగం కోసం తీసేస్తనంటే తీసెయ్. నీ ఇష్టం" అన్నడు నాయిన.

తెల్లారి ఫారం వాపసిచ్చిన. ఉత్త పౌరుషంతోని కాదు. రాత్రి కూసొని లెక్క గూడ చూసుకున్న. పేరు మార్చితే టెన్త్, ఇంటర్, బీటెక్ మెమోలు, పట్టా, ఆధార్, పాన్ అన్నీ పాత పేరుతోని మిగులుతయి. ఒక్కటి దిద్దబోయి అన్నిటిని తప్పు చేసుకున్నట్టయితది. కుల సర్టిఫికెట్ పేరుకు సరిపోను టెన్త్ మెమో దిద్దిచ్చినా అంతే. అన్ని కాయితాలు టెన్త్ మెమో కడుపుల పుట్టినయి. దానికి సరిపోనిది ఒక్కటే, కుల సర్టిఫికెట్. దిద్దవలసింది దాన్నే.

నా బళ్లె అడ్మిషన్ రిజిస్టర్ల తెలుగుల 'పోశయ్య' అనే ఉన్నది. హెడ్మాస్టర్ ఆ పేజీ నకలు ఇచ్చిండు. ఎస్సీ కార్పొరేషన్ లోను కోసం నాయిన తీసుకున్న కుల సర్టిఫికెట్ ట్రంకుపెట్టెల దొరికింది. అవి పెట్టి మీసేవల మా మండలానికే కొత్త సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టిన. వీఆర్వో విచారణకు ఊర్లెకు వచ్చిండు. పంచనామాకు ఊరి పెద్దలు సంతకాలు పెట్టాలె. మాకు వేరే గిలాసల చాయ్ పోసిన ఇంటి పెద్దమనిషి వచ్చి, "మాదిగోళ్లే సారూ, నాకెరుక లేదా" అని సంతకం పెట్టిండు. ఊరు ఏనాడూ మమ్ముల కులం కాయితం అడుగలేదు. కాయితం లేకుండనే దూరం నిలబెట్టింది.

కొత్త సర్టిఫికెట్ POSHAIAH పేరుతోని వచ్చింది. అయిందనుకున్న, కాలేదు. దరఖాస్తుల నేను రాసింది పాత సర్టిఫికెట్ నంబరు. పాతోడు, కొత్తోడు ఒక్కడే అని చెప్పే కాయితం లేకుంటే నా చేతిల రెండు సర్టిఫికెట్లు ఉన్నట్టే లెక్క, అనుమానం ఇంకా పెరుగుతది. మళ్ల సిరిసిల్ల దిక్కు పోయిన. ఈసారి కొత్తది ఇయ్యమని అడుగలేదు. "మీ 2004 రిజిస్టర్ల ఈ నంబరు మీద ఏమున్నదో అదే రాసియ్యండి" అన్న. గది ఇయ్యనీకి వాళ్లకు అడ్డం లేదు. రిజిస్టర్లు మూటలు కట్టి ఉన్నయి. ఒక అటెండర్ అన్న నాతోని కలిసి రెండు రోజులు దుమ్ముల వెతికిండు. దొరికింది. తండ్రి పేరు, ఊరు, కులం, పుట్టిన తారీఖు అన్నీ నావే. పేరుల ఒక్క అక్షరం తప్ప. ఆ ఉత్తరం పట్టుకొని వస్తే, మా తహసీల్దారు పాత నంబరు గూడ ఏసి ఇద్దరు ఒక్కరే అని రాసిచ్చిండు.

అప్పటికి ముప్పై రోజులు దాటినయి. గడువు పెంచమని ముందే రాసి రసీదు దగ్గర పెట్టుకున్న కాబట్టి ఆఫర్ రద్దు కాలేదు. జూన్‌ల చేరిన. నాతోని ఎంపికైనోళ్లు నాలుగు నెలల ముందే చేరిండ్రు. నన్ను తర్వాతి బ్యాచ్‌ల కలిపిండ్రు. సీనియారిటీల వాళ్ల కింద ఉన్న, ఇప్పటికీ ఉన్న. ఆ ఒక్క అక్షరం ధర నేను రిటైరయ్యే దాకా కడుతనే ఉంటా.

పోయినేడు మా అక్క బిడ్డను బళ్లె ఏసిండ్రు. దానికి మా అవ్వ పేరు పెట్టుకున్నం. చేర్పియ్యబోయే ముందటి రాత్రి తెల్లకాయితం మీద ఆ పేరు తెలుగుల, ఇంగ్లీషుల పెద్ద అక్షరాలతోని రాసి అక్కకు ఇచ్చిన. "నోటితోని చెప్పకు, ఇది చూపియ్యి. వాళ్లు రాసినంక అక్షరం అక్షరం కలిపి చూసి అప్పుడు సంతకం పెట్టు" అన్న. అక్క పది దాకా చదివింది. ఆ కాయితం కొంగున ముడేసుకొని పోయింది.