దక్షిణాన ఎవరి పొలం?

అనువాదం పని మొదలుపెట్టిన ఏడాదే నేను ఒక పొలాన్ని కాగితం మీద చేతులు మార్చేశాను. పశ్చిమ గోదావరి వైపు 1958 నాటి దస్తావేజు అది. హైకోర్టులో అప్పీలుకు ఇంగ్లీషు ప్రతి కావాలని వకీలు గారు పంపారు.

మొదటి వాక్యం పాత పద్ధతిలో ఉంది: ‘ఫలానా గారికి, ఫలానా వారు వ్రాసి యిచ్చిన శుద్ధ క్రయ దస్తావేజు.’ ముందు కనిపించిన పేరును వెండార్ అని రాసేశాను. పాత దస్తావేజుల్లో కొన్నవారి పేరు ముందు, అమ్మినవారి పేరు తర్వాత వస్తుంది. ‘గారికి’లోని ‘కి’ చూసుకోకపోవడమే నా తప్పు.

అది అక్కడితో ఆగలేదు. దస్తావేజంతా అమ్మినవాడు కొన్నవాడితో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. హద్దుల్లో ‘దక్షిణం: మీరు లోగడ కొన్న భూమి, ఉత్తరం: నేను నిలుపుకొన్న భూమి’ అని ఉంది. ఇంగ్లీషులో ‘నేను’, ‘మీరు’ తీసేసి వెండార్, పర్చేజర్ అని పెడతాం కదా, మొదటి పేరు తారుమారైతే రెండు హద్దులూ తారుమారే. దావా నడుస్తున్నదేమో సరిగ్గా ఆ ఉత్తరపు ముక్క మీద!

వకీలు గారు ఫోన్ చేసి ఒక్కటే అడిగారు. “ఏమండీ, చివర సంతకం ఎవరిది?” అప్పట్లో మామూలుగా సంతకం చేసేది రాసిచ్చినవాడే. సొమ్ము ‘మీ వలన రొక్కముగా ముట్టినది’ అన్న వాక్యం కూడా ఆ సంతకందారుడిదే. ఇప్పుడు ఏ దస్తావేజైనా ముందు ఆఖరి పేజీ చూసి, ఆ తర్వాతే మొదటి వాక్యం ముట్టుకుంటాను.

అదే దస్తావేజులో తూర్పు హద్దు ‘పుంత’. నేను ‘పాత్’ అని రాశాను. అది చదివితే ఎవరో నడిచే కాలిబాట అనిపిస్తుంది. పుంత అంటే ఊరందరి బండ్లూ పశువులూ వెళ్ళే దారి. అది ఒకరి సొంతమా కాదా అన్నది కేసులో తేడా తెస్తుంది. అందుకని పుంత అనే మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచి, పక్కన ‘కార్ట్ ట్రాక్’ అని చేర్చాను.

విస్తీర్ణం దగ్గర మరో గుంట ఉంది, నిజంగానే గుంట. ‘ఎ. 0-20’ అని ఉంటే ఆంధ్రలో అది 20 సెంట్లు, అంటే 968 చదరపు గజాలు. తెలంగాణలో అదే 20 గుంటలు, 2,420 గజాలు. అక్కడ సున్నా పక్క అంకె దశాంశం కాదు. ఊరు చూసి యూనిట్ రాయాలి.

పడమటి హద్దులో పొరుగు రైతు ఇంటిపేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. ఏది సరైనదో వకీలు గారికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఉన్నట్టే రాసి, పక్కన చదరపు బ్రాకెట్లో ‘మూలంలో ఇలాగే ఉంది’ అని పెట్టి పంపాను.