ఉడత నోరు మూసుకునే వేళ

"వదినా, నీకు తెలుగు బీయే ఉందిగా, ఆ నాలుగు ముక్కలు నువ్వే రాసిపెట్టు" అంటూ పోయిన వేసవిలో మా ఆడపడుచు ఫోన్ చేసింది. తను రాజమండ్రిలో ఇంటి వెనక షెడ్డు వేసుకుని, పిల్లల కోసం రాగి జంతికలు, పల్లీ చిక్కీ ముక్కలు చిన్న ప్యాకెట్లు కట్టి అమ్ముతుంది. ప్యాకెట్ మీద ఉడత బొమ్మ ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోల కింద మాటలూ, కామెంట్లకు జవాబులూ ఆ ఉడతే చెప్పాలట.

అంతకుముందు తను రాసినవి చూశాను. "పోషక విలువలతో కూడిన రుచికరమైన చిరుతిండి" అని ఉంది. ఏ ఉడతైనా అలా మాట్లాడుతుందా?

మొదట నేనూ పొరపాటే పడ్డాను. "చిన్నారులూ, లండి, తినండి" అని ముద్దుముద్దుగా రాశాను. చదివేది పిల్లలైతే కదా! ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరవాలంటే 13 ఏళ్ళు నిండాలి. రాత్రి పిల్లల్ని నిద్రపుచ్చి ఫోన్ పట్టుకునేది మనమే. అంటే ఉడత పిల్లాడిలా ఉండాలి, మాట్లాడేది మాత్రం అమ్మతో. పక్కింటి పిల్లాడు మన వంటింటి గుమ్మంలో నిలబడి కబుర్లు చెబుతాడే, అలా.

దాని వయసు ఆరేళ్ళు అనుకున్నాను. అక్కడి నుంచి పని తేలికైంది. ఆరేళ్ళవాడు చిన్న చిన్న వాక్యాలు మాట్లాడతాడు. చూసిందీ విన్నదీ చెబుతాడు. వాడికి కాల్షియం తెలీదు. ఫొటో కింద మొదటి ఒకటి రెండు వరుసలే కనబడతాయి, మిగతాది నొక్కితేగానీ రాదు. అందుకే కథ మొదటి వరుసలోనే మొదలవ్వాలి. జంతికల ఫొటోకి ఇలా రాశాను: "డబ్బా మూత చప్పుడైంది. వెళ్ళి చూశా. ఎవరూ లేరు. అమ్మమ్మ కళ్ళు మూసుకుని పడుకుంది. నోరు మాత్రం కరకరమంటోంది." ఆ రోజు కామెంట్లన్నీ వాళ్ళ వాళ్ళ అమ్మమ్మల గురించే.

"చక్కెర లేదు అని కూడా వేయి వదినా" అంది తను. చిక్కీలో బెల్లం పాకం పోసి అలా ఎలా అంటాం? "బెల్లంతో చేశాం" అంటే చాలు. తిండి పదార్థాల ప్రకటనల్లో ఏమనొచ్చో ఏమనకూడదో ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లోనే నిబంధనలు పెట్టింది. బొమ్మతో చెప్పించినా అది ప్రకటనే.

పిలుపు దగ్గర ఇంకో తంటా. ఉడత అందరినీ "ఆంటీ" అనేది. "నాకు ఇరవై ఆరే, ఆంటీనా?" అని ఒకమ్మాయి పెట్టింది. మర్నాటి నుంచి "అక్కా" అయింది. అక్క అన్నందుకు నలభై దాటినవాళ్ళెవరూ బాధపడలేదు లెండి.

ఇంతలో వానాకాలం వచ్చింది. ఒకావిడ "జంతికలు మెత్తబడిపోయాయి, నూనె వాసన" అని రాసింది. నేను గొంతు కుదిరిన సంబరంలో ఉన్నాను. "అయ్యో అక్కా, ప్యాకెట్‌కి చిల్లు పెట్టింది నేనేనేమో!" అని పెట్టాను. పది నిమిషాల్లో జవాబొచ్చింది: "మా పాప స్కూల్లో డబ్బా తెరిచి, తినలేక ఆకలితో ఇంటికొచ్చింది. మీకు నవ్వులాటగా ఉందా?"

చెంప మీద కొట్టినట్టయింది. ఆవిడ అడిగింది మనిషిని, జవాబిచ్చింది బొమ్మ. వెంటనే మా ఆడపడుచు తన పేరుతోనే క్షమాపణ రాసి, ప్యాకెట్ మీది తేదీ అడిగి, డబ్బు తిరిగి పంపింది. చూస్తే ఆ రోజు చేసిన ప్యాకెట్లలో కొన్నిటికి అంచు సరిగ్గా అతుక్కోలేదు. నా హాస్యం నిజమే అయింది, చిల్లు పెట్టింది ఉడత కాదు, అంతే.

ఆ రాత్రి నోట్‌బుక్‌లో రాసుకున్నాను: డబ్బు, పాడైన సరుకు, పిల్లల ఒంటికి పడేదీ పడనిదీ, వీటిలో ఏది వచ్చినా ఉడత మాట్లాడదు. మనిషి పేరు పెట్టి, "మీరు" అంటూ, బొమ్మలూ నవ్వులూ లేకుండా జవాబివ్వాలి. అది కూడా కామెంట్ కిందే అందరికీ కనబడేలా ఇచ్చి, ఫోన్ నంబరు, అడ్రసు మాత్రం విడిగా మెసేజ్‌లో అడగాలి.

నెల తిరక్కుండానే అవసరం పడింది. "మా బాబుకి పదో నెల. ఉడత గారూ, చిక్కీ పెట్టొచ్చా?" అని ఒక చిన్న తల్లి. ఎంత ముద్దుగా అడిగిందో! వేళ్ళు ఉడత భాషలోకే పోయాయి. ఆపుకున్నాను. మా ఆడపడుచు పేరుతో ఇలా రాశాం: "వద్దమ్మా. చిక్కీ గట్టిది, పల్లీ పలుకు గొంతులో అడ్డం పడుతుంది. అయిదేళ్ళు దాటాక పెట్టండి. పల్లీ పడుతుందో లేదో మీ డాక్టరుగారిని అడగండి."

ఒక అమ్మకం పోయింది. మర్నాడు పొద్దున ఆ అమ్మాయే మళ్ళీ వచ్చింది: "థాంక్యూ అండీ. ఉడత అలిగిందా, మాట్లాడట్లేదు?"

అప్పుడు ఉడతని పంపాను: "అలగలేదక్కా. బాబుకి పళ్ళు రానీ, లెక్కపెడుతున్నా. ఎన్నొచ్చాయి?"

"నాలుగు" అని పెట్టింది.